12 పీహెచ్‌సీలు, 5 విడతలు, 1200 మంది గర్భిణులు: కై-స్క్వేర్ చెల్లదంటున్నారు, ఎందుకు?

హంద్రీ_ఒడ్డు

అందరికీ నమస్కారం. కమ్యూనిటీ మెడిసిన్ థీసిస్ కోసం చేసిన స్టెప్డ్ వెడ్జ్ ట్రయల్ డేటా ఇది. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో 12 పీహెచ్‌సీలు తీసుకున్నాం. ఆశా కార్యకర్త వారానికి రెండుసార్లు గర్భిణి ఇంటికి పోయి, ఐరన్ మాత్ర కళ్లెదుటే వేయించి, మిగిలినవి లెక్క పెట్టి కార్డులో రాసుకోవాలి. ఇదీ మా కార్యక్రమం. అన్ని పీహెచ్‌సీలకూ ఒకేసారి శిక్షణ ఇచ్చే మనుషులు లేరు కాబట్టి మూడు నెలలకు మూడేసి పీహెచ్‌సీల చొప్పున మొదలుపెట్టాం. ఏది ముందు, ఏది వెనక అన్నది లాటరీతోనే తేల్చాం. ప్రతి విడతలో ఒక్కో పీహెచ్‌సీ నుంచి 20 మంది గర్భిణులకు హిమోగ్లోబిన్ పరీక్ష. విడత విడతకూ మనుషులు వేరు. 11 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత కింద లెక్క. కింది పట్టికలో 1 అంటే ఆ విడతలో కార్యక్రమం ఉంది, 0 అంటే లేదు.

```
జట్టు (3 పీహెచ్‌సీలు)   వి1  వి2  వి3  వి4  వి5
1                     0    1    1    1    1
2                     0    0    1    1    1
3                     0    0    0    1    1
4                     0    0    0    0    1
```

కార్యక్రమం లేనప్పుడు 600 మందిలో 372 మందికి, అంటే 62 శాతం మందికి రక్తహీనత. ఉన్నప్పుడు 600 మందిలో 318, అంటే 53 శాతం. కై-స్క్వేర్‌లో పీ విలువ 0.0016 వచ్చింది. ఎగ్జామినర్ మాత్రం "క్లస్టరింగ్ లెక్కలోకి తీసుకోలేదు, కాలాన్నీ తీసుకోలేదు" అని రాసి వెనక్కి పంపారు. ఒకే పీహెచ్‌సీ వాళ్ల మధ్య పోలికను కొలిచే ఐసీసీ చూస్తే 0.05 మాత్రమే. అంత చిన్నదానికి మొత్తం విశ్లేషణ మార్చాల్సిందేనా?

సంఖ్యల_సుబ్బడు

మార్చాల్సిందే. ఒక పీహెచ్‌సీ పరిధిలోని వాళ్లంతా అదే బియ్యం, అదే నీళ్లు, అదే ఏఎన్‌ఎం. ఒకరి హిమోగ్లోబిన్ తెలిస్తే పక్కవాళ్లది కొంత తెలిసినట్టే. అందుకే 1200 మంది ఉన్నా 1200 మంది విలువ రాదు.

లెక్క సులువు. డిజైన్ ఎఫెక్ట్ = 1 + (m − 1) × ICC. మీకు ఒక్కో పీహెచ్‌సీలో 100 మంది కాబట్టి 1 + 99 × 0.05 = 5.95. 1200ను దాంతో భాగిస్తే 202. అంటే మీ చేతిలో ఉన్నది 202 మంది డేటా. కై-స్క్వేర్ 9.94ను 5.95తో భాగిస్తే 1.67, పీ విలువ దాదాపు 0.2. ఇది రాసి పంపండి, అయిపోతుంది.

గుత్తి_కొండ

సుబ్బడుగారూ, మొదటి పేరా సరిగ్గా ఉంది. రెండోది ఈ డిజైన్‌కు సరిపోదు. సగం పీహెచ్‌సీలకు కార్యక్రమం, మిగతా సగానికి లేకుండా చివరిదాకా ఉండే మామూలు క్లస్టర్ ట్రయల్‌కు ఆ సూత్రం. అక్కడ పోలికంతా ఒక పీహెచ్‌సీకీ ఇంకో పీహెచ్‌సీకీ మధ్య జరుగుతుంది. ఇక్కడ ప్రతి పీహెచ్‌సీ కొన్నాళ్లు కార్యక్రమం లేకుండా, కొన్నాళ్లు దాంతో ఉంది. దాన్ని దాంతోనే పోల్చే వీలుంది కాబట్టి పీహెచ్‌సీల మధ్య ఉండే తేడా కొంత కొట్టుకుపోతుంది. మీరు చెప్పిన 5.95 ఇక్కడ మరీ కఠినమైన శిక్ష.

కానీ ఎగ్జామినర్ రాసిన రెండు మాటల్లో రెండోదే పెద్దది. దాన్ని మీరు ముట్టుకోలేదు. పైన పట్టికలో సున్నాలున్న గడులన్నీ లెక్కపెట్టండి. ఒక్కో వరుసకు మూడు పీహెచ్‌సీలు కాబట్టి మొత్తం 30 గడులు, అవి ఉన్న విడతల సగటు 2. ఒకట్లు కూడా 30, వాటి సగటు 4. అంటే "కార్యక్రమం ఉన్నవాళ్లు" అనే గుంపు "లేనివాళ్లు" అనే గుంపు కంటే సగటున రెండు విడతలు, ఆరు నెలలు, ఆలస్యంగా కొలిచిన గుంపు. ఆ ఆరు నెలల్లో మీ కార్యక్రమంతో సంబంధం లేకుండా రక్తహీనత తగ్గి ఉంటే ఆ తగ్గుదలంతా మీ ఖాతాలో పడుతుంది. లాటరీ దీన్ని ఆపదు. లాటరీ తేల్చింది ఏ పీహెచ్‌సీ ముందు అన్నదే. కార్యక్రమం కాలంతోపాటే పెరగడం ఈ డిజైన్ పుట్టుకలోనే ఉంది.

హంద్రీ_ఒడ్డుగారూ, విడతల వారీగా శాతాలు పెట్టగలరా? కార్యక్రమం లేని గడులు వేరుగా, ఉన్నవి వేరుగా. అట్లే ఆ 0.05 ఎట్ల తీశారో కూడా చెప్పండి.

హంద్రీ_ఒడ్డు

ధన్యవాదాలు మేడమ్. సుమారు శాతాలు ఇవీ.

```
            వి1  వి2  వి3  వి4  వి5
లేనప్పుడు    64   62   60   57   -
ఉన్నప్పుడు   -    58   56   53   50
```

ఐసీసీ కోసం 1200 మందినీ ఒకచోట పెట్టి పీహెచ్‌సీ వారీగా వన్-వే అనోవా చేశాను.

గుత్తి_కొండ

పై వరుసే చూడండి. కార్యక్రమం ఇంకా చేరని చోట్లే విడతకు దాదాపు రెండున్నర పాయింట్లు తగ్గింది. రెండు విడతలకు 5 పాయింట్లు. మీకు కనిపించిన 9 పాయింట్లలో 5 కాలానివి. మిగిలేది 4. ఒకే విడతలో పై గడినీ కింది గడినీ పోలిస్తే కనిపించేదీ ఆ 4 పాయింట్లే.

ఇక ఆ 4కు ఎంత నమ్మకం ఉందన్నది చూడాలి. విడతను మోడల్‌లో పెట్టిన తర్వాత స్టాండర్డ్ ఎర్రర్ ఎట్ల మారుతుందో హస్సీ, హ్యూస్ 2007లో ఇచ్చిన సూత్రంతో మీ డిజైన్‌కు వేసి చూశాను. కై-స్క్వేర్ అనుకున్న స్టాండర్డ్ ఎర్రర్ 2.9 పాయింట్లు. ఐసీసీ సున్నా అనుకున్నా సరే, విడతను పెట్టగానే అది 4.0 అవుతుంది. విడతకూ కార్యక్రమానికీ అంత పొత్తు ఉంది కాబట్టి రెంటినీ విడదీయడానికి చెల్లించే ధర అది. ఐసీసీ 0.05 పెడితే 4.8. సుబ్బడుగారి 5.95 ప్రకారం అయితే 7.0 వచ్చేది. నిజం మీ ఇద్దరి మధ్యలో ఉంది.

ఐసీసీ 0.05 అంటే చిన్నదన్నారు కదా, దాన్ని శాతాల్లోకి మార్చి చూడండి. 57, 58 శాతం సగటు రక్తహీనత ఉన్నచోట 0.05 అంటే పీహెచ్‌సీల అసలు శాతాలు 11 పాయింట్ల స్టాండర్డ్ డీవియేషన్‌తో చెదిరి ఉన్నాయని అర్థం. అంటే మూడింట రెండు వంతుల పీహెచ్‌సీలు 46కూ 68కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మీరు వెతుకుతున్నది 4 పాయింట్ల తేడా. ఇప్పుడు చెప్పండి, అది చిన్నదా?

సంఖ్యల_సుబ్బడు

ఒప్పుకుంటున్నా మేడమ్, 5.95 ఇక్కడ పెట్టకూడదు. అయితే ఒక సందేహం. మీ సూత్రంలోనే ఐసీసీ 0.10, 0.20 వేసి చూశాను. 0.10కు 4.8 దగ్గరే ఆగింది, 0.20కి 4.6కు దిగింది! ఐసీసీ పెరిగితే స్టాండర్డ్ ఎర్రర్ తగ్గుతుందా? అట్లయితే స్టెప్డ్ వెడ్జ్‌లో ఐసీసీ గురించి భయమే అక్కర్లేదు గదా.

గుత్తి_కొండ

అది ఆ మోడల్ చేసే గారడీ. మీ లెక్కలో తప్పేం లేదు. ఆ మోడల్ ఒక పీహెచ్‌సీకి ఒకే గుణం అంటగడుతుంది, అది మొదటి విడతలో ఎంతో ఐదో విడతలోనూ అంతే అనుకుంటుంది. ఐసీసీ ఎంత పెద్దదైతే పీహెచ్‌సీని దాంతోనే పోల్చడం అంత లాభమనిపిస్తుంది. అందుకే స్టాండర్డ్ ఎర్రర్ పెరిగి, ఆగి, మళ్లీ దిగుతుంది.

నేల మీద అట్ల ఉండదు. ఏఎన్‌ఎం బదిలీ అవుతుంది, ఒక త్రైమాసికంలో మాత్రల సరఫరా నిలిచిపోతుంది, కొత్త మెడికల్ ఆఫీసర్ వస్తారు. ఒకే పీహెచ్‌సీలో ఒకే విడతలో చూసిన ఇద్దరి పోలిక ఎక్కువ. ఏడాది ఎడంలో చూసిన ఇద్దరి పోలిక తక్కువ. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చేదే క్లస్టర్ ఆటోకోరిలేషన్. అది 1 అని హస్సీ-హ్యూస్ మోడల్ మౌనంగా అనుకుంటుంది. 0.8 అనుకుని మళ్లీ వేశాను. ఐసీసీ 0.05కు 5.2, 0.10కి 5.7, 0.20కి 6.4. చూశారా, దిగడం మానేసి ఎక్కుతోంది. ఐసీసీ ఒక్కటే రాస్తే సగమే చెప్పినట్టు. ఆ రెండో అంకె కూడా రాయాలి.

హంద్రీ_ఒడ్డుగారి అనోవా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అన్ని విడతలనూ కలిపేసి తీసిన 0.05 అచ్చంగా ఒకే విడతలోని పోలిక కాదు. విడతల మధ్య పోలిక కూడా అందులో కలిసి సగటైంది. ఒకే విడతలోని ఐసీసీ దానికంటే ఎక్కువే ఉండొచ్చు. మోడల్ నుంచే తీసుకోండి.

```r
library(lmerTest)   # pbkrtest కూడా ఉండాలి
d$period <- factor(d$period)
d$phc    <- factor(d$phc)
m <- lmer(anemia ~ period + treat + (1|phc) + (1|phc:period), data = d)
summary(m, ddf = "Kenward-Roger")
```

`anemia` 0 లేదా 1. `treat` ఆ విడతలో ఆ పీహెచ్‌సీకి కార్యక్రమం ఉండాల్సి ఉంటే 1. రెండు రాండమ్ ఎఫెక్టులూ తప్పనిసరి. 0, 1 ఫలితానికి లీనియర్ మోడల్ ఏంటని ఎవరైనా అడిగితే, తేడా నేరుగా శాతం పాయింట్లలో వస్తుందనీ, 60 శాతం దగ్గర అది బాగానే పనిచేస్తుందనీ చెప్పండి. పైగా క్లస్టర్లు తక్కువున్నప్పుడు చేసే కెన్‌వర్డ్-రోజర్ సవరణ `lmer`కే ఉంది, `glmer`కు లేదు. `glmer` వాడి ఐసీసీ తీస్తే అది లాగ్-ఆడ్స్ కొలమానంలో ఉంటుంది. దాన్ని ఈ 0.05 పక్కన పెట్టి పోల్చొద్దు.

బుగ్గవంక

మంచి చర్చ. నాదీ ఇట్లాంటిదే ఒకటుండాది, అడగొచ్చా? కడప దగ్గర 6 ఊళ్లు. 3 ఊళ్ల బడుల్లో సబ్బు, కుళాయి పెట్టి చేతులు కడిగించే కార్యక్రమం, 3 ఊళ్లలో ఏమీ లేదు. ఊరికి 150 మంది పిల్లలు, విరేచనాలతో బడి మానిన రోజులు లెక్క. మొత్తం 900 మంది. పైన చెప్పిన `lmer` నేను కూడా వేయొచ్చా? పిల్లల సంఖ్య చాలా ఉంది కాబట్టి పవర్ సమస్య లేదనుకుంటా.

గుత్తి_కొండ

మీది స్టెప్డ్ వెడ్జ్ కాదు, మామూలు క్లస్టర్ ట్రయల్. సుబ్బడుగారి సూత్రం మీకు అక్షరాలా వర్తిస్తుంది. కానీ మీ సమస్య దానికంటే ముందే ఉంది. ఆరు ఊళ్లలో మూడింటిని ఎంచుకునే మార్గాలు మొత్తం 20. మీ మూడు ఊళ్లూ అన్నింటికంటే మెరుగ్గా వచ్చాయనుకుందాం, అంతకంటే మంచి ఫలితం ఉండదు గదా. అప్పుడు కూడా ఊళ్ల స్థాయిలో పర్ముటేషన్ పరీక్ష చేస్తే రెండు వైపులా పీ విలువ 2/20, అంటే 0.1. ఊరికి 150 మంది కాదు, 1500 మంది పిల్లల్ని పెట్టినా 0.1 కంటే కిందికి దిగదు.

నాలుగు, నాలుగు ఊళ్లుంటే మార్గాలు 70 అవుతాయి. అప్పుడు 2/70, దాదాపు 0.03 వరకూ వీలుంది. ఇంకా మొదలుపెట్టకపోతే పిల్లల సంఖ్య సగం చేసి ఊళ్లు పెంచండి. అయిపోయి ఉంటే ఊరి సగటులు ఆరూ విడివిడిగా చూపించి, ఇది పైలట్ అని రాయండి.

బుగ్గవంక

అయిపోయింది మేడమ్. 900 మంది అని గైడుకు చెప్పినప్పుడు ఆయన సంతోషించినాడు.

వేరుశనగ_చేను

ఇంత లెక్క దేనికన్నా? స్టాండర్డ్ ఎర్రర్ పెద్దగా ఉంటే పీహెచ్‌సీకి 20 బదులు 40 మందిని చూడండి. కార్డులు అక్కడే ఉంటాయి, ఇంకో రోజు క్యాంపు పెడితే సరిపోతుంది. మందిని పెంచితే ఐసీసీ కూడా తగ్గుతుంది గదా.

సంఖ్యల_సుబ్బడు

ఐసీసీ తగ్గదు. అది ఆ పీహెచ్‌సీల గుణం, మన శాంపుల్ సైజుది కాదు. మందిని పెంచితే దాని అంచనా కొంచెం నికరమవుతుంది, అంతే.

మేడమ్ చెప్పిన సూత్రంతోనే 0.05, 0.8 పెట్టి వేశా. 12 పీహెచ్‌సీల్లో విడతకు 40 మంది అయితే 5.2 కాస్తా 4.1. అదే 2400 మందిని 24 పీహెచ్‌సీల్లో 20 చొప్పున తీసుకుంటే 3.7. ఒకే ఖర్చు కాదులెండి, కొత్త పీహెచ్‌సీ అంటే కొత్త శిక్షణ, కొత్త జీపు. కానీ పీహెచ్‌సీకి ఎంతమందిని కలిపినా 12 పీహెచ్‌సీలతో 2.3 దగ్గర అడుగు తగులుతుంది. అక్కడి నుంచి ఊరంతా పరీక్ష చేసినా లాభం లేదు.

కోసిగి_దారి

నేను లెక్కల మనిషిని కాదు, సర్వే బృందాల్ని నడిపే పని. ఐసీసీ ఎక్కడి నుంచి వస్తుందో నేల మీద నుంచి రెండు మాటలు.

మీ హిమోగ్లోబిన్ మీటర్లు ఎన్ని, ఎవరి చేతిలో ఉన్నాయి? పీహెచ్‌సీకి ఒక మీటరు, ఒకే టెక్నీషియన్ అయితే ఆ చేతి వాటమంతా ఐసీసీలోకి పోతుంది. వేలికి పొడిచి, రక్తం రాలేదని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. మొదటి రెండు చుక్కలు తుడిచి మూడోది తీసుకోవాలి, అది చేయనివాళ్లు ఎక్కువ. క్యువెట్ల డబ్బా మూత తీసి పెడితే తేమ పట్టి రీడింగు చెడుతుంది. ఇట్లా ఒక పీహెచ్‌సీలో అందరికీ అర గ్రాము తగ్గితే, 11 చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారే రక్తహీనత వైపు పడతారు. మీరు దాన్ని ఆ ఊరి తిండి అనుకుంటారు. బృందాల్ని, మీటర్లను పీహెచ్‌సీల మధ్య తిప్పుతూ ఉంటే ఆ భాగం తగ్గుతుంది. తిప్పిన పట్టిక రాసి పెట్టుకోవాలి.

రెండోది వలస. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే పోతాయి. కాలువ కింద ఉన్న ఊళ్లలో అంత వలస ఉండదు. ఆ నెలల్లో పడిన విడతలో పీహెచ్‌సీ దగ్గర దొరికే గర్భిణులు వేరే రకం. కాస్త ఉన్నవాళ్లు, లేదా కాన్పు దగ్గరపడి పోలేనివాళ్లు. మేడమ్ మోడల్‌లో విడత అన్ని పీహెచ్‌సీలకూ ఒకేలా పనిచేస్తుందని అనుకున్నారు. ఇక్కడ అట్ల కాదు గదా?

గుత్తి_కొండ

మీటర్ల సంగతి బంగారంలాంటి మాట. ప్రొటోకాల్ రాసేటప్పుడే పెట్టాల్సింది.

వలస విషయంలో మీరు పట్టుకున్నది ఈ మోడల్ బలహీనతే. `(1|phc:period)` కొంత సర్దుకుంటుంది, ఎందుకంటే ఒక్కో పీహెచ్‌సీ ఒక్కో విడతలో సగటు నుంచి పక్కకు జరగొచ్చని అది ఒప్పుకుంటుంది. కానీ వలస మండలాలన్నీ ఒకే విడతలో ఒకే వైపు జరిగితే అది చాలదు. వలస ఎక్కువున్న పీహెచ్‌సీలను ముందే గుర్తించి, లాటరీ వేసేటప్పుడు నాలుగు జట్లలోనూ సమంగా వచ్చేట్టు చూసి ఉంటే మోడల్‌లో `period * migration` పెట్టుకోవచ్చు. హంద్రీ_ఒడ్డుగారూ, అట్లా చేశారా?

హంద్రీ_ఒడ్డు

లేదు మేడమ్. మామూలు లాటరీయే. వలస మండలాలవి ఐదు పీహెచ్‌సీలు, వాటిలో మూడు నాలుగో జట్టులోనే పడ్డాయి.

మోడల్ వేశాను. తేడా −4.1. అయితే ఈ మాట వచ్చింది: `boundary (singular) fit: see help('isSingular')`. `phc:period` వేరియన్స్ సున్నా చూపిస్తోంది. తీసేస్తే స్టాండర్డ్ ఎర్రర్ 4.8, ఉంచినా 4.8. తీసేయొచ్చా? ఇంకొకటి, ఒక పీహెచ్‌సీ మూడో జట్టుది, పైనుంచి ఒత్తిడి వచ్చి ఒక విడత ముందే మొదలుపెట్టింది. దాన్ని ఎట్ల కోడ్ చేయాలి?

సంఖ్యల_సుబ్బడు

సున్నా వచ్చింది గదా, తీసేయండి. లేనిదాన్ని ఎందుకు మోయడం?

గుత్తి_కొండ

తీయొద్దు. 12 పీహెచ్‌సీలు, గడికి 20 మందితో ఆ వేరియన్స్‌ను పట్టుకునే శక్తి మీ డేటాకు లేదు. సున్నా అని వచ్చిందంటే లేదని కాదు, కనబడలేదని. ఐసీసీకి పీ విలువ చూసి, 0.05 దాటితే క్లస్టరింగ్ వదిలేయడం కూడా ఇట్లాంటి పనే. లాటరీ పీహెచ్‌సీ స్థాయిలో వేశారు కాబట్టి అంకె ఏం చెప్పినా పీహెచ్‌సీ మోడల్‌లో ఉండాలి.

మీరు చేయాల్సింది: ప్రధాన ఫలితంగా రెండు రాండమ్ ఎఫెక్టులూ ఉన్న పై మోడల్‌నే ఇవ్వండి. పక్కనే ఆటోకోరిలేషన్ 0.8 అనుకుంటే ఏమవుతుందో ఒక వరుస చేర్చండి. తేడా 4 పాయింట్ల తగ్గుదల, స్టాండర్డ్ ఎర్రర్ 5.2. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ దాదాపు 14 పాయింట్ల తగ్గుదల నుంచి 6 పాయింట్ల పెరుగుదల దాకా పోతుంది. అంటే కార్యక్రమం పనిచేయలేదని కాదు. బాగా పనిచేసి ఉండొచ్చు, అసలు చేయకపోయి ఉండొచ్చు, ఈ ట్రయల్ తేల్చలేదు. "ప్రభావం లేదు" అని మాత్రం రాయకండి.

ముందే మొదలుపెట్టిన పీహెచ్‌సీకి `treat` లాటరీ ప్రకారమే 0 ఉంచండి. ఒత్తిడి వచ్చింది ఆ పీహెచ్‌సీకే ఎందుకు? బహుశా అక్కడి మెడికల్ ఆఫీసర్ చురుకైనవాడు, లేదా అక్కడ పరిస్థితి బాగాలేదు. ఏదైనా సరే, వాస్తవంగా మొదలైన తేదీ ప్రకారం కోడ్ మారిస్తే లాటరీ విలువ పోతుంది. జరిగిన మార్పును పట్టికలో చూపించండి. స్టెప్డ్ వెడ్జ్ ట్రయల్స్ కోసం 2018లో వచ్చిన కన్సార్ట్ మార్గదర్శకం కూడా ఏ విడతలో ఎవరికి కార్యక్రమం ఉందో చూపే రేఖాచిత్రం, ఐసీసీ అంకెలు రెండూ అడుగుతుంది.

వలస ఐదింటిలో మూడు చివరి జట్టులో పడటానికి మాత్రం నా దగ్గర శుభ్రమైన మందు లేదు. `period * migration` పెట్టి సెన్సిటివిటీగా చూపించొచ్చు, కానీ ముందే అనుకున్నది కాదని రాసి చూపించాలి. స్టాండర్డ్ ఎర్రర్ ఇంకా పెరుగుతుంది.

కోసిగి_దారి

ఇంకొక అనుమానం. మాత్రలు మొదలుపెట్టిన వారానికే హిమోగ్లోబిన్ పెరగదు. మూడు నెలల విడతలో శిక్షణకే మూడు వారాలు పోతాయి. ఆ విడతలో చూసిన గర్భిణిలో కొందరు పది రోజులే మాత్రలు మింగి ఉంటారు. వాళ్లను కూడా "ఉన్నప్పుడు" కింద లెక్కేస్తున్నారు.

గుత్తి_కొండ

నిజమే. కార్యక్రమం మొదలైన మొదటి విడతను ప్రతి పీహెచ్‌సీకీ పక్కన పెట్టడం ఒక మార్గం. దానికి 12 గడులు, 240 మంది పోతారు. ముందే అనుకుని ఉంటే ఆ విడతలో పరీక్షే చేయకుండా ఆ డబ్బుతో ఇంకొన్ని పీహెచ్‌సీలు కలుపుకునేవాళ్లు. రెండో మార్గం, `treat` బదులు ఎన్ని విడతలుగా నడుస్తోందో ఆ సంఖ్యను ఫ్యాక్టర్‌గా పెట్టడం. ప్రభావం మెల్లగా పెరిగే చోట ఒకే `treat` పెడితే వచ్చే అంకె సగటు ప్రభావం కాకపోవచ్చు. కొన్ని సందర్భాల్లో గుర్తే తారుమారవుతుందని 2022లో చూపించారు. కానీ 12 పీహెచ్‌సీలతో నాలుగు ప్రభావాలు అంచనా వేస్తే ఇంటర్వెల్స్ చూడలేం.

సంఖ్యల_సుబ్బడు

ఇన్ని తిప్పలుంటే స్టెప్డ్ వెడ్జ్ ఎందుకసలు? ఒక విడత అందరినీ చూసి, తర్వాత ఆరింటికి ఇచ్చి ఆరింటికి ఇవ్వకుండా నాలుగు విడతలు నడిపితే? అదే 0.05, 0.8తో వేశా, స్టాండర్డ్ ఎర్రర్ 5.6. మీ 5.2కు దగ్గరే. పైగా మొదటిది తప్ప ఏ విడతలో చూసినా రెండు వైపులా ఆరేసి ఉంటాయి కాబట్టి కాలానికీ కార్యక్రమానికీ పొత్తు చాలా తక్కువ.

కోసిగి_దారి

పదిహేను నెలలు ఆరు పీహెచ్‌సీలకు ఏమీ ఇవ్వమంటే ఏ అధికారీ సంతకం పెట్టడు సుబ్బడన్నా. అందరికీ వస్తుంది, వరుసలో వస్తుంది అంటేనే ఫైలు కదిలేది. గాంబియాలో 1986లో హెపటైటిస్ బి టీకా అట్లనే దఫాలుగా ఇచ్చినారు. మన రాష్ట్రంలో కూడా పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్ల మీద స్టెప్డ్ వెడ్జే నడిచింది.

సంఖ్యల_సుబ్బడు

అధికారి ఒప్పుకోడన్నది డిజైన్‌కు కారణం కావచ్చు, గణాంకాలకు కాదు. ఆ ఆరింటికి కూడా ట్రయల్ ముగిశాక ఇస్తామని రాసివ్వొచ్చు గదా. వరుసలో చివరి జట్టు ఎట్లా ఏడాది ఆగుతోంది.

గుత్తి_కొండ

ఇద్దరి మాటలోనూ బలం ఉంది. నా లెక్క ఇది. పనిచేస్తుందో లేదో నిజంగా తెలియనిదైతే సుబ్బడుగారి డిజైనే మేలు. ఎట్లాగూ అన్నిచోట్లా పెట్టబోతున్నారు, మనుషులు చాలక వరుసలో పెడుతున్నారంటే ఆ వరుసను లాటరీతో వేయించుకోవడం ఏమీ లేనిదానికంటే నయం. రేషన్‌లో బలవర్ధక బియ్యం లాంటిది మధ్యలో వచ్చే అవకాశం ఉంటే మాత్రం, విడతలు నిడివిలో పెంచకుండా ఎక్కువ పీహెచ్‌సీలతో తొందరగా ముగించండి.

హంద్రీ_ఒడ్డు

రాసుకున్నాను. ప్రధాన మోడల్, 0.8 వరుస, వలస సెన్సిటివిటీ మూడూ పెడతాను. పీ విలువ 0.0016 తీసేస్తే గైడు ఒప్పుకుంటారో లేదో చూడాలి. మీటర్లు ఏ పీహెచ్‌సీలో ఏవి వాడారో రిజిస్టర్‌లో సీరియల్ నంబర్లు ఉన్నాయి. రెండు మీటర్లు ఆరు పీహెచ్‌సీల్లో తిరిగాయి, మిగతా ఆరింటికి సొంతవి. మీటర్‌ను కూడా రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టొచ్చా?

గుత్తి_కొండ

సొంత మీటర్లున్న ఆరింటిలో మీటర్‌నూ పీహెచ్‌సీనీ విడదీయలేరు. తిరిగిన రెండింటి రీడింగుల సగటులు విడతల వారీగా పెట్టండి, ముందు అది చూద్దాం.